ఇన్వర్టెడ్ పెండ్యులం ప్రాజెక్టు కోసం సార్‌కి రాసిన లేఖ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కావలి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చదివాను. ఫైనల్ ఇయర్‌లో మేం నలుగురం కలిసి ఇన్వర్టెడ్ పెండ్యులం నిలబెట్టాం. ఇప్పుడు ఒంగోలు వైపు ఒక డిప్లొమా కాలేజీలో ల్యాబ్ చూసుకుంటున్నాను. ఏటా నవంబరు వచ్చేసరికి జూనియర్లు ఫోన్ చేసి, "అక్కా, సార్‌కి రాసిన ఆ లెటర్ ఒకసారి పంపవా" అని అడుగుతారు. లెటర్ పంపగానే ప్రశ్నలు మొదలవుతాయి. అవన్నీ, వాటి జవాబులూ ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఈ ప్రాజెక్టులో ఏం చేస్తాం?

ఒక పట్టా మీద అటూ ఇటూ జరిగే చిన్న బండి ఉంటుంది. బండికి ఒక కడ్డీని కింది కొసన కీలుతో బిగిస్తాం. వదిలేస్తే కడ్డీ పడిపోతుంది. అది ఏ పక్కకు వంగుతుంటే ఆ పక్కకు బండిని జరుపుతూ, పడకుండా నిలబెట్టాలి. చిన్నప్పుడు అరచేతిలో చీపురుకట్టను నిలబెట్టి, దాని వెంట చెయ్యి జరిపేవాళ్లం కదా, అదే పని ఇక్కడ మోటారు చేస్తుంది.

మీ మొదటి లేఖను సార్ ఎందుకు వెనక్కి ఇచ్చారు?

అందులో మేం అన్నీ రాశాం. వేలాడుతున్న కడ్డీ తనంతట తానే ఊగి పైకి లేస్తుందన్నాం. లేచి నిలబడుతుందన్నాం. ఆ తర్వాత దాని మీద రెండో కడ్డీ పెడతామన్నాం. కెమెరాతో కోణం కొలుస్తామన్నాం, ఫోన్‌లో గ్రాఫ్ చూపిస్తామన్నాం. రెండు పేజీల లేఖలో ఒక్క కొలత లేదు, ఒక్క తేదీ లేదు.

సార్ చదివి ఒకటే అడిగారు. "ఏమ్మా, వీటిలో ఏది అవకపోతే మీ ప్రాజెక్టు అవనట్టు?" నా దగ్గర జవాబు లేదు. "అది రాసుకొని రా. మిగతావి కొట్టేసి రా" అన్నారు. ఆ మాటకు ఆ రోజు బాధపడ్డాను. ఆ తర్వాత నాలుగు నెలలూ మమ్మల్ని నడిపించింది ఆ ప్రశ్నే.

మరి ఒప్పుకున్న లేఖ ఎలా ఉంది?

పేర్లు తీసేసి, ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

> గౌరవనీయులైన సార్‌కి,
>
> నమస్కారం. మా నలుగురి బ్యాచ్ తరఫున రాస్తున్నాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఇన్వర్టెడ్ పెండ్యులం చేయాలనుకుంటున్నాం. మీరు గైడుగా ఉండమని కోరుతున్నాం.
>
> మేం చేసి చూపిస్తామని చెప్పేది ఒక్కటే. 40 సెం.మీ. అల్యూమినియం కడ్డీని చేత్తో నిటారుగా పట్టుకొని, నిలువు నుంచి 5 డిగ్రీల లోపల వదిలితే, అది 60 సెకన్లు పడకుండా నిలబడాలి. ఆ నిమిషమంతా బండి మధ్య నుంచి 15 సెం.మీ. దాటి పోకూడదు. 10 సార్లు వదిలితే 8 సార్లయినా ఇలా జరగాలి.
>
> కడ్డీ తనంతట తాను పైకి లేవడం, రెండో కడ్డీ, కెమెరా, ఫోన్ యాప్ ఈ ప్రాజెక్టులో లేవు.
>
> పట్టా పొడవు 80 సెం.మీ. బండి మధ్య నుంచి అటు 35, ఇటు 35 సెం.మీ. తిరగగలదు. రెండు కొసల్లో లిమిట్ స్విచ్‌లు పెడతాం, బండి తగిలితే మోటారు ఆగిపోతుంది. బండిని నీమా 17 స్టెప్పర్ మోటారు, పళ్ల బెల్టుతో లాగుతుంది. కోణాన్ని ఒక చుట్టుకు 600 పల్సులిచ్చే ఎన్‌కోడర్‌తో కొలుస్తాం. కంట్రోలర్ ఆర్డ్యునో ఊనో.
>
> డిసెంబరు మొదటి వారం నుంచి 14 వారాలు లెక్కవేసుకున్నాం.
>
> మూడో వారం చివర: కడ్డీ కిందికి వేలాడుతూ ఊగుతుంటే, ఎన్‌కోడర్ గ్రాఫ్ నుంచి 10 ఊపుల సమయం చూపిస్తాం.
>
> ఆరో వారం చివర: కడ్డీ లేకుండా బండి మధ్య నుంచి 20 సెం.మీ. అటూ ఇటూ 100 సార్లు తిరిగి, మొదలుపెట్టిన గీత దగ్గరికే 1 మి.మీ. తేడా లోపల వచ్చి ఆగాలి.
>
> ఏడో వారం సంక్రాంతి. పని పెట్టుకోలేదు.
>
> పదో వారం చివర: కడ్డీ 10 సెకన్లు నిలబడాలి.
>
> పన్నెండో వారం చివర: పైన మాట ఇచ్చిన 60 సెకన్లు. చివరి రెండు వారాలు రిపోర్టుకు.
>
> పదో వారానికి 10 సెకన్లు కూడా రాకపోతే, నిలబెట్టే పని అక్కడితో ఆపేస్తాం. అదే బండి, అదే కడ్డీ, అదే ఎన్‌కోడర్‌తో, వేలాడే బరువు ఊగిపోకుండా బండిని ఒకచోటి నుంచి మరోచోటికి జరిపే పని చేస్తాం. కృష్ణపట్నం పోర్టులో క్రేనుకు వేలాడే బరువుకు ఉండే సమస్య అదే. ఇంకే సామానూ కొనక్కర్లేదు.
>
> ఖర్చు 8,000 రూపాయలు దాటకుండా చూసుకుంటాం. మీ దగ్గర కావలసింది వారానికి అరగంట సమయం, సాయంత్రం 6 గంటల దాకా ల్యాబ్‌లో ఉండే అనుమతి.
>
> మీ విద్యార్థిని

సార్ దీని మీద ఒకే మార్పు రాశారు. "వారానికి అరగంట" అన్నచోట "బుధవారం 4 గంటలకు" అని దిద్దారు.

5 డిగ్రీలు, 15 సెం.మీ. అనే అంకెలు ఊహించి రాసినవా?

కాదు. ఒక్కొక్కటి లెక్క వేసి రాసినవి. లేఖలో కొంచెం గట్టిగా నిలబడే భాగం అదే కాబట్టి వివరంగా చెప్తాను.

ముందు, కడ్డీ ఎంత వేగంగా పడుతుందో తెలియాలి. ఒకే మందం ఉన్న కడ్డీని ఒక కొసన కీలు వేసి నిలబెడితే, అది పడే తొందరను చెప్పే సంఖ్య ఇది:

```
p = sqrt(3*g / (2*L))
L = 0.4 m  ->  p = 6.07 (సెకనుకు)
```

దీన్ని తిరగేస్తే 0.165 సెకను వస్తుంది. మన చేతిలో ఉన్న సమయం ఆ స్థాయిది. 1 డిగ్రీ వంపులో వదిలేస్తే, ఏమీ చేయకపోతే, 0.38 సెకనులో అది 5 డిగ్రీలవుతుంది.

ఈ `p` ని కడ్డీని నిలబెట్టకుండానే కొలవచ్చు. అదే కడ్డీని కిందికి వేలాడదీసి కొంచెం ఊపితే, ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం `2*pi/p`. మా కడ్డీకి లెక్క ప్రకారం 1.035 సెకన్లు రావాలి, అంటే 10 ఊపులకు 10.4 సెకన్లు. అందుకే మొదటి మైలురాయి ఊపులు లెక్కపెట్టడం. కిందికి వేలాడుతున్నప్పుడు ఊగే తొందరే, పైన నిలబడినప్పుడు పడే తొందర. అంత చిన్న ప్రయోగంతో కీలు బిగుతుగా ఉందా, ఎన్‌కోడర్ సరిగ్గా చదువుతోందా, లెక్క నిజమేనా అన్న మూడూ తేలిపోతాయి. ఊపులు నాలుగైదుకే ఆగిపోతుంటే కీలు పట్టేస్తోందని అర్థం. మాకు మొదటిసారి అదే జరిగింది. కడ్డీ బిగించిన స్క్రూ ఎన్‌కోడర్ ముఖానికి రాసుకుంటోంది. ఒక పలచటి వాషర్ వేశాక పోయింది.

ఇక బండి. మేం బండికి పెట్టుకున్న గరిష్ఠ త్వరణం సెకనుకు సెకనుకు 3 మీటర్లు. దాన్ని `g` తో భాగిస్తే 0.306 రేడియన్, సుమారు 17 డిగ్రీలు. అంతకంటే వంగిన కడ్డీని ఈ బండి ఎంత పరుగెత్తినా పట్టుకోలేదు. పట్టా ఎంత పొడవున్నా అంతే. కాబట్టి 17 డిగ్రీలు కాగితం మీది హద్దు, లేఖలో మాట ఇవ్వదగ్గ అంకె కాదు.

బండికి ఇచ్చే ఆజ్ఞ మా ప్రోగ్రాంలో ఇలా ఉండేది:

```
float a = 34.3*th + 5.7*thDot + 3.9*x + 5.2*xDot;
a = constrain(a, -3.0, 3.0);
v += a * 0.005;
```

`th` రేడియన్లలో వంపు, `x` మధ్య నుంచి మీటర్లలో దూరం, తోకకు `Dot` ఉన్నవి వాటి వేగాలు. ప్రతి 5 మిల్లీసెకన్లకు ఇది ఒకసారి నడుస్తుంది. 5 డిగ్రీలంటే 0.087 రేడియన్. 34.3తో గుణిస్తే సరిగ్గా 3 దగ్గర వస్తుంది. అంటే 5 డిగ్రీల దగ్గర వదిలితే మొదటి క్షణంలోనే మోటారు తన హద్దు ముట్టుకుంటుంది. లేఖలో 5 అని రాయడానికి కారణం అది. ఆ లెక్కలోనే బండి 8.5 సెం.మీ. దాకా పోయి వెనక్కి వస్తుందని వచ్చింది. నిజం పట్టా మీద రాపిడి, చేత్తో వదిలేటప్పుడు వచ్చే చిన్న తోపు కలుపుకొని 15 అని రాశాం.

కడ్డీ చిన్నదైతే తేలిక కదా, 20 సెం.మీ. పెట్టుకుంటే?

అందరూ ఇలాగే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అరచేతిలో చీపురుకట్ట నిలుస్తుంది గానీ పెన్సిల్ నిలవదు. కడ్డీ పొట్టిదయ్యే కొద్దీ తొందరగా పడుతుంది. 20 సెం.మీ. కడ్డీకి `p` విలువ 8.58. ఇందాక 0.38 సెకను పట్టిన వంపు, దానికి 0.27 సెకనులోనే వచ్చేస్తుంది. 60 సెం.మీ. ఇంకా నిదానంగా పడుతుంది కానీ, ఊగేటప్పుడు కడ్డీయే కొంచెం వంగడం మొదలుపెడుతుంది, బల్ల మీద చోటూ సరిపోదు. మాకు 40 కుదిరింది.

డీసీ గేర్ మోటారు ఇంట్లో ఉంది, స్టెప్పర్ ఎందుకు కొనాలి?

డీసీ మోటారుతోనూ చేస్తారు, మంచిది దొరికితే బాగానే వస్తుంది. మన చేతికి వచ్చే చవక గేర్ మోటారులో రెండు ఇబ్బందులున్నాయి. ఇరుసును చేత్తో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూడండి. గేర్ల పళ్ల మధ్య కొంత ఖాళీ చేతికి తెలుస్తుంది. కడ్డీ దాదాపు నిటారుగా ఉన్నప్పుడు బండి చిన్న చిన్నగా దిశ మార్చాలి. దిశ మారిన ప్రతిసారీ ముందు ఆ ఖాళీ నిండాలి, ఆ తర్వాతే బండి కదులుతుంది. కడ్డీ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది తప్ప కుదురుకోదు. రెండోది, కొంచెం వోల్టేజీ ఇస్తే రాపిడి వల్ల మోటారు అసలు కదలదు. ఆ మొండితనాన్ని ప్రోగ్రాంలో సరిచేయడం మరో ప్రాజెక్టంత పని.

స్టెప్పర్ మోటారు ఎన్ని అడుగులు వేయమంటే అన్నే వేస్తుంది. బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండో ఎన్‌కోడర్ అక్కర్లేదు, వేయించిన అడుగులు లెక్కపెట్టుకుంటే చాలు. మేం వాడింది 20 పళ్ల పుల్లీ, 2 మి.మీ. పళ్ల బెల్టు, అంటే ఒక చుట్టుకు 40 మి.మీ. ఒక్క ఎన్‌కోడరే ఉంది కాబట్టి ఊనోలో ఉన్న రెండు ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్ పిన్నులు, 2, 3, దానికి సరిపోయాయి. రెండు ఎన్‌కోడర్లు పెట్టుంటే పెద్ద బోర్డు కొనాల్సి వచ్చేది.

స్టెప్పర్‌తో ఒక్కటే భయం. శక్తికి మించి తొందరపెడితే అడుగు తప్పుతుంది, తప్పినట్టు తనకు తెలియదు. టకటకమని శబ్దం వస్తుంది, బండి అనుకున్న మధ్య నిజం మధ్య నుంచి జరిగిపోతుంది. ఆరో వారం మైలురాయి, ఆ 100 తిరుగుళ్లు, దీన్ని పట్టుకోవడానికే. గీత దగ్గరికి 1 మి.మీ. లోపల వచ్చిందంటే అడుగులు తప్పలేదు. మాకు మొదటిసారి 11 మి.మీ. తేడా వచ్చింది. మోటారుకు కరెంటిచ్చే డ్రైవర్ బోర్డు మీది చిన్న స్క్రూతో ఆ కరెంటు సర్దాక పోయింది.

కడ్డీ నిలబడుతోంది కానీ బండి మెల్లగా జరుగుతూ పోయి చివర గుద్దుకుంటోంది. ఎందుకు?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. మా ల్యాబ్‌లో తొమ్మిదో వారం మొత్తం దీంతోనే గడిచింది.

అప్పుడు మేం ఒక్క కోణాన్నే చూసి మోటారు నడుపుతున్నాం. కడ్డీ చక్కగా నిలబడేది. బండి మాత్రం నెమ్మదిగా కుడికి మొదలై, వేగం పెరుగుతూ, నాలుగు సెకన్లకు స్విచ్‌కు తగిలి ఆగిపోయేది. కడ్డీ దభేల్మని పడేది. ఎన్నిసార్లు చేసినా కుడివైపే, నాలుగు సెకన్లే. పట్టా వాలుగా ఉందేమోనని లెవెల్ పెట్టి చూశాం. పట్టా బాగానే ఉంది.

బుధవారం సార్ వచ్చి కాసేపు చూసి, "ప్రతిసారీ ఒకే వైపు, ఒకే సమయం అయితే అది కంట్రోల్ తప్పు కాదు, సున్నా తప్పు. మీ సున్నా ఎక్కడుంది?" అని అడిగారు.

మేం కడ్డీని కంటికి నిటారుగా కనిపించేట్టు పట్టుకొని, అప్పుడు బోర్డు ఆన్ చేసేవాళ్లం. ఈ రకం ఎన్‌కోడర్‌కు ఆన్ చేసినప్పుడు ఎక్కడుంటే అదే సున్నా. కన్ను 0.3 డిగ్రీ తప్పు చేసిందనుకోండి. ప్రోగ్రాం సున్నా అనుకుంటున్న చోట కడ్డీ నిజానికి కొంచెం వంగి ఉంది. వంగిన కడ్డీ పడకుండా ఉండాలంటే బండి ఎప్పుడూ ఆ వైపుకు త్వరణంతో పోతూనే ఉండాలి. 0.3 డిగ్రీ అంటే 0.0052 రేడియన్, `g` తో గుణిస్తే 0.051. అంత చిన్న త్వరణంతో 40 సెం.మీ. పోవడానికి ఎంత సేపు పడుతుందో లెక్క వేస్తే 4 సెకన్లు వస్తుంది. మా బండికి ఉన్నది 35 సెం.మీ., దానికి 3.7 వస్తుంది. సార్ బోర్డు మీద వేసి చూపించినప్పుడు నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

సరిచేసింది రెండు రకాలుగా. మొదటిది, కడ్డీని కిందికి వేలాడదీసి, ఊపు పూర్తిగా ఆగాక ఆన్ చేయాలి. కింద ఎటు ఆగాలో భూమి చూపిస్తుంది, కంటితో పనిలేదు. మా ఎన్‌కోడర్‌లో పల్సుల రెండు గీతల అంచులన్నీ లెక్కపెడితే ఒక చుట్టుకు 2400. అందులో సగం, 1200, కడ్డీ నిటారుగా ఉండే చోటు.

రెండోది, బండి ఎక్కడుందో కూడా ఆజ్ఞలోకి తేవాలి. పైన రాసిన వరుసలో `x`, `xDot` అందుకే ఉన్నాయి. అవి చేరాక అదే 0.3 డిగ్రీ తప్పు మిగిలినా బండి పారిపోదు, మధ్య నుంచి 4.6 సెం.మీ. పక్కన ఆగి అక్కడే ఉంటుంది. మాకు నిజంగా అలాగే ఆగింది. స్కేలు పెట్టి కొలిస్తే ఐదు సెం.మీ.కి కొంచెం తక్కువ.

ఇక్కడే ఇంకో మాట. `x` ముందున్న గుర్తు ప్లస్. బండి కుడికి ఎక్కువ పోతే వెనక్కి లాగాలి కాబట్టి మైనస్ పెట్టాలనిపిస్తుంది, మేమూ మైనస్ పెట్టి రెండు రోజులు పోగొట్టుకున్నాం. బండి కుడి వైపున ఉంటే, ముందు ఇంకాస్త కుడికే పోవాలి. అప్పుడు కడ్డీ ఎడమకు వాలుతుంది. వాలిన కడ్డీని పట్టుకోవడానికి బండి ఎడమకు వస్తుంది. అరచేతిలో చీపురుకట్ట పెట్టుకొని ఎడమకు నడవాలని చూడండి, చెయ్యి ముందు కొంచెం కుడికి పోతుంది.

మోటారు గరగరమంటూ వణుకుతోంది, ఏం చేయాలి?

కోణం వేగాన్ని ఎలా లెక్కిస్తున్నారో చూడండి. 2400 భాగాల్లో ఒక భాగం 0.15 డిగ్రీ. 5 మిల్లీసెకన్లలో ఎన్‌కోడర్ ఒక్క భాగం కదిలితే, ప్రోగ్రాం దాన్ని సెకనుకు 30 డిగ్రీల వేగం అనుకుంటుంది. రేడియన్లలో 0.52. దాన్ని 5.7తో గుణిస్తే 3. అంటే కడ్డీ వెంట్రుకవాసి కదిలినా మోటారు పూర్తి బలంతో ఎగురుతుంది. ఇప్పటి కోణంలోంచి నాలుగు సార్ల కిందటి కోణం తీసేసి, 20 మిల్లీసెకన్లతో భాగించండి. ఎగురుడు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇంకా ఎక్కువ వెనక్కి పోతే వేగం గురించిన కబురు ఆలస్యమై కడ్డీ ఊగడం మొదలవుతుంది. మాకు నాలుగే సరిపోయింది.

బాగా నిలబడింది, గ్రాఫ్ కోసం విలువలు ప్రింట్ చేయించగానే పడిపోతోంది!

`Serial.begin(9600)` అని ఉంటే కారణం అదే. ఆ వేగంలో ఒక్కో అక్షరానికి ఒక మిల్లీసెకను పైనే పడుతుంది. 30 అక్షరాల వరుసకు 31 మిల్లీసెకన్లు. బోర్డు దగ్గర దాచుకునే చోటు 64 అక్షరాలకే ఉంది. రెండు వరుసలకే అది నిండిపోతుంది, ఆ తర్వాత ప్రోగ్రాం ప్రతి చుట్టులోనూ ఖాళీ కోసం ఎదురుచూస్తుంది. 5 మిల్లీసెకన్లకోసారి నడవాల్సింది 31కి ఒకసారి నడుస్తుంది. వేగాన్ని `115200` చేసి, ప్రతి చుట్టూ కాకుండా 20 చుట్లకోసారి ప్రింట్ చేయండి.

కడ్డీ తనంతట తాను లేవడం చాలా బాగుంటుంది, ఎందుకు వదిలేశారు?

బాగుంటుంది, నాకు ఇప్పటికీ చేయాలని ఉంది. కానీ అది వేరే పని. నిలబెట్టడంలో కడ్డీ నిలువు దగ్గరే ఉంటుంది కాబట్టి లెక్క సులువుగా సరళరేఖలోకి వస్తుంది. కింద నుంచి లేపేటప్పుడు ఆ లెక్క చెల్లదు, ఒక్కో ఊపుకు కొంచెం కొంచెం శక్తి ఎక్కించాలి. చివర్లో వేగంగా పైకి వస్తున్న కడ్డీని, దాన్ని నిలబెట్టే కంట్రోలర్ సరిగ్గా పట్టుకోవాలి. ఆ పట్టుకునేది ముందు ఉండాలి కదా. సార్‌కి రాసేటప్పుడు "ఇది లేదు" అని ఒక వాక్యం రాయడానికి మేం చాలా తటపటాయించాం. ఆయన సంతకం పెట్టింది ఆ వాక్యం చూసేనని తర్వాత చెప్పారు.

సామాను నెల్లూరు, ఒంగోలులో దొరుకుతుందా?

ఆర్డ్యునో, డ్రైవర్, వైర్లు దొరుకుతాయి. ఎన్‌కోడర్, బెల్టు, పుల్లీలకు మేం రైల్లో చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి వచ్చాం. ఎన్‌కోడర్ కొనేటప్పుడు దాని అవుట్‌పుట్ రకం అడగండి. మాకు వచ్చింది ఓపెన్ కలెక్టర్ రకం. ఇంట్లో పెట్టి చూస్తే ఏమీ చదవలేదు, చెడిపోయిందనుకొని టెన్షన్ పడ్డాం. పిన్నులను `INPUT_PULLUP` చేయగానే చదివింది.

అడుగు బల్ల గురించి ఒక మాట చెప్పాలి. ప్లైవుడ్ మీద పెడితే బండి దిశ మార్చిన ప్రతిసారీ బల్ల కూడా కదిలింది. మా బ్యాచ్‌లో ఒకబ్బాయిది చీమకుర్తి. అక్కడి గ్రానైట్ షాపులో మిగిలిన ముక్క తెచ్చాడు, మీటరు పొడవు, 20 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం. దాదాపు 11 కిలోలు. రంధ్రాలు కూడా షాపువాళ్లే వేసి ఇచ్చారు, మన డ్రిల్లు బిట్టు దానికి పనికిరాదు. ఆ తర్వాత బల్ల కదలిక గురించి మళ్లీ ఆలోచించలేదు. సముద్రపు గాలికి పట్టా ఇనుప కడ్డీలు మాత్రం సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చేసరికి తుప్పు పట్టి ఉన్నాయి. సెలవులకు పోయేముందు మెషిన్ ఆయిల్ రాసి పోండి.

లేఖ ఇంగ్లిష్‌లో రాయాలా?

కాలేజీ ఫైలుకు ఇంగ్లిష్‌లోనే ఇచ్చాం. సార్‌కి చూపించింది తెలుగుది. తెలుగులో రాస్తే అర్థం కాని మాట వెనక దాక్కోవడం కుదరదని ఆయనే అడిగారు.

మీ మైలురాళ్లు అన్నీ అనుకున్న వారానికే అయ్యాయా?

లేదు. మొదటిది డిసెంబరు వానల వల్ల నాలుగు రోజులు ఆలస్యమైంది. రెండోది సమయానికే అయ్యింది. పదో వారం చివర 10 సెకన్లు కావాలి, శుక్రవారం సాయంత్రానికి మా దగ్గర 7 ఉంది. శనివారం ఉదయం పోయి, `xDot` కు నేరుగా ప్రోగ్రాంలోని `v` వాడకుండా దూరాల తేడాతో లెక్కిస్తున్నామని గుర్తించి మార్చాం. ఆ మధ్యాహ్నం 23 సెకన్లు నిలబడింది. క్రేను పని అక్కర్లేకపోయింది.

చివరికి నిమిషం నిలబడిందా?

పన్నెండో వారంలో సార్ ముందు 10 సార్లు వదిలాం. 8 సార్లు నిమిషం దాటింది. ఒకసారి నా చెయ్యి వదిలేటప్పుడు తోసింది, 12 సెకన్లకు పడింది. ఇంకోసారి ఎన్‌కోడర్ వైరు బండికి చుట్టుకుంది. ఆ రెండూ రిపోర్టులో రాశాం, గ్రాఫులతో సహా. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎక్కువసేపు అడిగింది ఆ రెండింటి గురించే.